శేషాలు చెప్పే మాట: కాలశ్రేణి రిగ్రెషన్‌లో ఆటోకోరిలేషన్

1951 మార్చి నుంచి 1953 జూలై దాకా అమెరికాలో ఐస్‌క్రీమ్ వాడకం ఎలా సాగిందో చెప్పే చిన్న పట్టిక ఒకటి ఉంది. నాలుగు వారాలకు ఒక వరుస చొప్పున మొత్తం ముప్పై వరుసలు. ప్రతి వరుసలో తలసరి వాడకం పింట్లలో, ధర డాలర్లలో, కుటుంబపు వారాదాయం, ఫారన్‌హీట్‌లో సగటు ఉష్ణోగ్రత ఉంటాయి. క్లిఫర్డ్ హిల్డ్రెత్, జాన్ లూ 1960లో మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయం నుంచి వెలువరించిన టెక్నికల్ బులెటిన్‌తో ఈ పట్టిక పాఠ్యపుస్తకాలకెక్కింది. కాలశ్రేణి రిగ్రెషన్‌లో దోషాలు ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడిస్తే ఏమవుతుందో, దాన్ని ఎలా పసిగట్టాలో, ఏం చెయ్యాలో ఈ ముప్పై వరుసల్లోనే దాదాపు అంతా కనిపిస్తుంది. డెబ్భై ఏళ్లుగా ఈ ప్రశ్న మీద సాగిన చర్చను సమీక్షించడానికి నేను ఈ పట్టికనే ఆధారం చేసుకుంటున్నాను.

ముందు మామూలు కనిష్ఠ వర్గాల పద్ధతిలో సమీకరణం వేద్దాం. వాడకాన్ని ధర, ఆదాయం, ఉష్ణోగ్రతలతో వివరిస్తే ఉష్ణోగ్రత గుణకం 0.00346, దాని స్టాండర్డ్ ఎర్రర్ 0.00045 వస్తాయి. ఆదాయం గుణకం 0.00331, స్టాండర్డ్ ఎర్రర్ 0.00117. ధర గుణకం −1.044 అయినా స్టాండర్డ్ ఎర్రర్ 0.834 కావడంతో దాని గురించి గట్టిగా ఏమీ చెప్పలేం. R² విలువ 0.72. ఇంతవరకు చూస్తే పని బాగానే కుదిరినట్టు అనిపిస్తుంది. ఎండ పెరిగితే ఐస్‌క్రీమ్ ఎక్కువ తింటారు, డబ్బు పెరిగినా ఎక్కువ తింటారు. చాలామంది ఇక్కడితో ఆపి నివేదిక రాసేస్తారు.

ఆపకూడదు. అసలు వాడకంలోంచి సమీకరణం చెప్పిన వాడకాన్ని తీసేస్తే మిగిలేదే శేషం. ఆ శేషాలను కాలక్రమంలో పక్కపక్కన పెట్టి చూడండి. 1951 ఆగస్టు నుంచి అక్టోబరు దాకా ఉన్న మూడు వరుసల్లో శేషాలు −0.062, −0.065, −0.054. తర్వాతిదీ రుణమే, కాకపోతే చిన్నది. ఆపైన శీతాకాలం మొదలుకొని వసంతం దాకా వరుసగా ఆరు శేషాలు ధనాత్మకం. మరుసటి ఏడాది వేసవి దిగుతుండగా మళ్లీ వరుసగా ఐదు రుణాత్మకం. దోషాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా వచ్చి ఉంటే గుర్తులు ఇలా గుంపులు కట్టవు. నిన్నటి తప్పు ఏ దిక్కుగా జరిగిందో తెలిస్తే ఇవాళ్టి తప్పు ఏ దిక్కుగా జరుగుతుందో కొంతవరకు ఊహించగలిగితే, అదే ఆటోకోరిలేషన్. దోషంలో ఇంకా సమాచారం మిగిలి ఉందన్నమాట.

దీనివల్ల నష్టం ఎక్కడ? ఉష్ణోగ్రత వంటి వివరణ చరాలకు దోషంతో ఏ కాలంలోనూ సంబంధం లేకపోతే గుణకాల అంచనా ఒక పక్కకు ఒరగదు. 0.00346 అన్న సంఖ్య సగటున సరైన చోటే ఉంటుంది. దెబ్బ తినేది స్టాండర్డ్ ఎర్రర్. మామూలు సూత్రం ముప్పై వరుసలనూ ముప్పై స్వతంత్ర సాక్ష్యాలుగా లెక్కగడుతుంది. పక్కపక్క వరుసలు ఒకే మాటను మళ్లీ చెబుతుంటే నిజమైన సాక్ష్యాలు అంతకంటే తక్కువ. దోషపు ఆటోకోరిలేషన్ ρ, వివరణ చరపు ఆటోకోరిలేషన్ r అనుకుంటే, నిజమైన వేరియన్స్ మామూలు సూత్రం చెప్పినదానికి సుమారు

(1 + ρr) / (1 − ρr)

రెట్లు ఉంటుంది. ఈ పట్టికలో ఉష్ణోగ్రతకు r సుమారు 0.83. శేషాలను వాటి ముందు శేషాల మీద రిగ్రెస్ చేస్తే ρ అంచనా 0.40 వస్తుంది. రెంటినీ సూత్రంలో పెడితే వేరియన్స్ దాదాపు రెండు రెట్లు, స్టాండర్డ్ ఎర్రర్ 1.4 రెట్లు ఉండాలి. రెండూ 0.8 చొప్పున ఉంటే వేరియన్స్ నాలుగున్నర రెట్లవుతుంది. అంటే మనం ప్రకటించిన స్టాండర్డ్ ఎర్రర్ అసలు దానిలో సగం కూడా ఉండదు. ఈ సూత్రం ఇంకో విషయం కూడా చెబుతుంది. వివరణ చరం తానుగా ఏ క్రమమూ లేకుండా మారుతుంటే r సున్నా, అప్పుడు దోషాల ఆటోకోరిలేషన్ వల్ల ఆ గుణకానికి పెద్దగా హాని లేదు. ప్రమాదమంతా ఆదాయం, ధరలు, ఉష్ణోగ్రత, జనాభా వంటి మెల్లగా కదిలే చరాల దగ్గరే. అర్థశాస్త్రంలో వాడేవి ఎక్కువగా ఇలాంటివే కాబట్టి ఈ సమస్యను ముందుగా పట్టించుకున్నదీ ఆ శాస్త్రంవాళ్లే.

పసిగట్టే పరీక్షల్లో అందరికీ తెలిసినది డర్బిన్–వాట్సన్. జేమ్స్ డర్బిన్, జెఫ్రీ వాట్సన్ 1950లో, 1951లో బయోమెట్రికా పత్రికలో దీన్ని రెండు వ్యాసాలుగా ప్రచురించారు. పక్కపక్క శేషాల తేడాల వర్గాలను కూడి, శేషాల వర్గాల మొత్తంతో భాగిస్తే d వస్తుంది. సంబంధం లేకపోతే అది 2 దగ్గర ఉంటుంది. శేషాలు ఒకే దిక్కున నడిస్తే తేడాలు చిన్నవై d సున్నా వైపు దిగుతుంది. మన పట్టికలో d = 1.02. వాళ్ల పట్టిక ప్రకారం ముప్పై వరుసలకు, మూడు వివరణ చరాలకు, 5 శాతం స్థాయిలో కింది హద్దు 1.21, పై హద్దు 1.65. మన విలువ కింది హద్దుకన్నా తక్కువ కాబట్టి ధనాత్మక ఆటోకోరిలేషన్ ఉన్నట్టే.

ఇక్కడ కాస్త ఆగి చూడాల్సిన వివరం ఒకటుంది. d సుమారుగా 2(1 − ρ)కి సమానమని ప్రతి పుస్తకమూ చెబుతుంది. ఆ లెక్కన 1.02 నుంచి ρ దాదాపు 0.49 రావాలి. కానీ శేషాల రిగ్రెషన్‌లో వచ్చింది 0.40. ఎందుకంటే ఈ శ్రేణిలో అన్నిటికన్నా పెద్ద శేషాలు రెండూ అంచుల్లోనే ఉన్నాయి: మొదటిది +0.071, చివరిది +0.079. శేషాల వర్గాల మొత్తంలో దాదాపు మూడో వంతు ఈ రెంటిదే. d లెక్కలో లోపలి శేషాలు ఒక్కొక్కటి రెండు తేడాల్లో పాల్గొంటాయి, అంచు శేషాలు ఒక్కదానిలోనే. వందల వరుసలున్న శ్రేణిలో ఈ తేడా కరిగిపోతుంది. ముప్పై వరుసల్లో కరగదు. చిన్న శ్రేణిలో d ఇచ్చిన ρనూ, రిగ్రెషన్ ఇచ్చిన ρనూ పక్కపక్కన రాసుకుని, తేడా ఉంటే అంచులు చూడడం మంచి అలవాటు.

డర్బిన్–వాట్సన్‌కు మూడు పరిమితులున్నాయి. ఒకటి, రెండు హద్దుల మధ్య పడితే అది ఏ తీర్పూ ఇవ్వదు. రెండు, అది ఒక్క అడుగు వెనక్కే చూస్తుంది. త్రైమాసిక గణాంకాల్లో ఈ త్రైమాసికం నిరుటి ఇదే త్రైమాసికంతో ముడిపడి ఉంటే d నిశ్చింతగా 2 దగ్గరే ఉండిపోవచ్చు. మూడోది అన్నిటికన్నా ప్రమాదకరం. వివరణ చరాల్లో వాడకపు గత విలువే ఒకటిగా ఉంటే d తనంతట తానే 2 వైపు ఒరుగుతుంది. జబ్బు ఉన్నా పరీక్ష ఆరోగ్యమే అంటుంది. నెర్లోవ్, వాలిస్ 1966లో ఈ సంగతి చూపించారు. డర్బినే 1970లో దీనికోసం h అనే వేరే కొలత ఇచ్చాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి, తర్వాత అమెరికాలో ఎకనామెట్రిక్స్‌లో పెద్ద పేరు తెచ్చుకున్న జి.ఎస్. మద్దాల కూడా 1973లో ఎకనామెట్రికా పత్రికలో ఎ.ఎస్. రావుతో కలిసి సరిగ్గా ఈ చిక్కు మీదే వ్యాసం రాశారు.

ఈ మూడు పరిమితులనూ ఒకేసారి దాటించిన పరీక్ష 1978లో వచ్చింది. ట్రెవర్ బ్రూష్, లెస్లీ గాడ్‌ఫ్రీ వేర్వేరుగా దాన్ని ప్రతిపాదించారు. చేయడం చాలా తేలిక. శేషాన్ని మొదటి సమీకరణంలోని వివరణ చరాలన్నిటి మీదా, శేషం గత విలువల మీదా మళ్లీ రిగ్రెస్ చేసి, అక్కడ వచ్చిన R²ను పరిశీలనల సంఖ్యతో గుణించి కై-స్క్వేర్ పట్టికతో పోల్చాలి. ఎన్ని అడుగులు వెనక్కి చూడాలంటే అన్ని చూడొచ్చు, గత వాడకం సమీకరణంలో ఉన్నా ఇది పనిచేస్తుంది. ఐస్‌క్రీమ్ పట్టికలో, వివరణ చరాలను పక్కన పెట్టి శేషాన్ని దాని ముందు శేషం మీద మాత్రమే రిగ్రెస్ చేసినా R² 0.149 వస్తుంది. 29తో గుణిస్తే 4.32, హద్దు 3.84. ఇదీ డర్బిన్–వాట్సన్ మాటనే బలపరుస్తుంది. ఈ పరీక్షకు పునాది వేసినది స్కోర్ పరీక్ష. తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్. రావు 1948లో కేంబ్రిడ్జిలో ఉండగా దాన్ని రూపొందించారు. అర్థశాస్త్రవేత్తలు దాన్ని లగ్రాంజ్ మల్టిప్లయర్ పరీక్ష అనే వేరే పేరుతో వాడుకోవడంతో మన విద్యార్థుల్లో చాలామందికి ఆ బంధుత్వం తెలియకుండా పోయింది.

R వాడేవాళ్లు ఇప్పటిదాకా చెప్పినదంతా, చెప్పబోయే ఒక సవరణతో సహా, ఇలా చేసి చూసుకోవచ్చు:

```r
library(Ecdat); library(lmtest); library(sandwich)
data(Icecream)
m <- lm(cons ~ price + income + temp, data = Icecream)
plot(resid(m), type = "b"); abline(h = 0)
dwtest(m)
bgtest(m, order = 1)
coeftest(m, vcov = NeweyWest(m, lag = 3, prewhite = FALSE))
```

పసిగట్టాక ఏం చెయ్యాలన్న చోటే అసలు వివాదం. దారులు మూడు. గుణకాన్ని అలాగే ఉంచి స్టాండర్డ్ ఎర్రర్ మాత్రం సరిచేయడం ఒకటి. దోషానికి ఒక రూపం ఊహించి దత్తాంశాన్నే మార్చి మళ్లీ అంచనా వేయడం రెండోది. సమీకరణమే తప్పని ఒప్పుకుని దాన్ని తిరగరాయడం మూడోది.

మొదటి దారికి న్యూయీ, వెస్ట్ 1987లో ఇచ్చిన సూత్రం ఇవాళ ప్రామాణికం. ఇది శేషం, వివరణ చరాల లబ్ధాలను ఒక అడుగు, రెండడుగులు, ఇలా కొన్ని అడుగుల దూరం దాకా జతపరిచి, దూరం పెరిగే కొద్దీ బరువు తగ్గిస్తూ కలుపుతుంది. మూడు అడుగుల దాకా చూస్తే బరువులు 0.75, 0.5, 0.25. ఎన్ని అడుగులన్నదానికి వాడుకలో ఉన్న సూత్రాల్లో ఒకటి 4(T/100)^(2/9). ముప్పై వరుసలకు అది 3 ఇస్తుంది. దోషం ఏ రూపంలో ఉందో ఊహించనక్కర్లేకపోవడం దీని బలం. పెద్ద శ్రేణి కావాలి, అది బలహీనత. ముప్పై, నలభై వరుసల్లో ఇది స్టాండర్డ్ ఎర్రర్‌ను ఇంకా తక్కువగానే చూపిస్తుంది. ఉన్నదానికన్నా ఎక్కువ నమ్మకం కలిగిస్తుంది. వందల నెలల గణాంకాలున్నవాళ్లు దీన్ని ధైర్యంగా వాడొచ్చు. ఇరవై ఐదేళ్ల వార్షిక గణాంకాలతో సిద్ధాంత వ్యాసం రాసేవాళ్లు దీన్ని చూసి నిశ్చింతగా ఉండకూడదు.

రెండో దారి అన్నిటికన్నా పాతది. కోక్రేన్, ఆర్కట్ 1949లో చెప్పిన ఉపాయం ఇది: నేటి దోషం నిన్నటి దోషానికి ρ రెట్లు, దానికి తోడు కొత్త యాదృచ్ఛిక భాగం అనుకుందాం. అప్పుడు ప్రతి చరంలోంచి దాని ముందు విలువకు ρ రెట్లు తీసేస్తే మిగిలే సమీకరణంలో దోషాలు స్వతంత్రంగా ఉంటాయి. ρ తెలియదు కాబట్టి శేషాల నుంచి అంచనా కట్టి, మార్చి, మళ్లీ అంచనా కట్టి, విలువ కదలడం ఆగేదాకా తిప్పాలి. ఐస్‌క్రీమ్ పట్టికలో ఇలా చేస్తే ఉష్ణోగ్రత గుణకం 0.00356కు చేరుతుంది, పెద్ద మార్పేమీ కాదు. దాని స్టాండర్డ్ ఎర్రర్ మాత్రం 0.00045 నుంచి 0.00061కి, అంటే 1.36 రెట్లకు పెరుగుతుంది. ముందు సూత్రం ఊహించిన 1.4కు ఇది ఎంత దగ్గరో చూడండి. ఆదాయం విషయం ఇంకా ముఖ్యం. దాని t విలువ 2.8 నుంచి 2.0కి పడిపోతుంది. నిస్సందేహం అనుకున్న ఆదాయ ప్రభావం ఇప్పుడు అంచు మీద నిలబడి ఉంది.

కోక్రేన్–ఆర్కట్‌లో మొదటి వరుస పోతుంది, దానికి ముందు విలువ లేదు కాబట్టి. ప్రైస్, విన్‌స్టెన్ 1954లో దాన్ని పారేయకుండా √(1 − ρ²)తో గుణించి నిలుపుకోవచ్చని చూపారు. ఇక్కడ ఆ గుణకం 0.92 దరిదాపు. ఒక్క వరుసకోసం ఇంత శ్రమ ఎందుకనిపించవచ్చు. మన పట్టికలో మొదటి శేషం పెద్దదనాల్లో రెండోదని పైన చూశాం. చిన్న శ్రేణిలో అలాంటి వరుసను వదిలేయడం చిన్న నిర్ణయం కాదు. నా మటుకు వంద వరుసల లోపు శ్రేణుల్లో కోక్రేన్–ఆర్కట్ బదులు ప్రైస్–విన్‌స్టెన్ వాడమనే చెబుతాను.

ఈ రెండో దారిలో మరో గుంట ఉంది. మార్చిన సమీకరణంలో నేటి వివరణ చరం, నిన్నటి వివరణ చరం రెండూ ఉంటాయి. అంచనా నిలబడాలంటే నేటి దోషానికి నేటి చరంతోనే కాదు, రేపటి చరంతో కూడా సంబంధం ఉండకూడదు. ఉష్ణోగ్రతకు ఇది నిక్కచ్చిగా వర్తిస్తుంది. జనం ఐస్‌క్రీమ్ ఎక్కువ తిన్నారని ఎండ పెరగదు. ధర సంగతి అలా కాదు. ఈ నెల అమ్మకాలు ఊహించనంత పెరిగితే వ్యాపారి వచ్చే నెల ధర మార్చవచ్చు. అప్పుడు మామూలు పద్ధతిలో కొంత నయంగా ఉన్న గుణకం, సవరణ తర్వాత ఒక పక్కకు ఒరిగిపోతుంది. సరిచేయబోయి చెడగొట్టడమంటే ఇదే. వడ్డీ రేటు, ప్రభుత్వ వ్యయం వంటి విధాన చరాలున్న చోట ఈ ప్రమాదం మరీ ఎక్కువ, ఎందుకంటే అవి గతంలో జరిగినదానికి స్పందనగానే మారతాయి.

మూడో దారిని లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ సంప్రదాయం బలంగా నిలబెట్టింది. డెనిస్ సార్గన్ 1964లో వేసిన పునాది మీద డేవిడ్ హెండ్రీ, గ్రేహమ్ మైజాన్ 1978లో ఈ వాదాన్ని స్పష్టం చేశారు. దోషంలో ఒక అడుగు ఆటోకోరిలేషన్ ఉందనడం అంటే, గత వాడకం, గత ధర, గత ఆదాయం, గత ఉష్ణోగ్రత అన్నీ ఉన్న విశాల సమీకరణానికి ఒక కఠినమైన షరతు పెట్టడమే. గత ఉష్ణోగ్రత గుణకం నేటి గుణకానికి సరిగ్గా −ρ రెట్లు ఉండాలని ఆ షరతు, మిగతా చరాలకూ అంతే. మన అంకెల్లో గత ఉష్ణోగ్రత గుణకం −0.0014, గత వాడకం గుణకం 0.40 కావాలి. ఈ షరతు నిజమో కాదో పరీక్షించకుండా కోక్రేన్–ఆర్కట్ మీట నొక్కడం తప్పన్నది వారి వాదన. మైజాన్ 1995లో రాసిన వ్యాసపు శీర్షికలోనే ఆటోకోరిలేషన్ సరిచేసేవాళ్లకు ఒక్క మాట చెప్పాడు: వద్దు. మద్దాల తన ఎకనామెట్రిక్స్ పాఠ్యగ్రంథంలో అంత కటువుగా అనకపోయినా, డర్బిన్–వాట్సన్ హెచ్చరించిన వెంటనే దోషాన్ని సరిచేయడానికి దిగొద్దని, చరం జారిపోయిందా, గతం సమీకరణంలోకి రాలేదా అని ముందు చూడమని విద్యార్థులకు చెప్పారు.

ఐస్‌క్రీమ్ పట్టిక ఈ వాదానికి నిలువెత్తు సాక్ష్యం. 1951 ఆగస్టు–అక్టోబరు వరుసలను మళ్లీ చూడండి. అప్పుడు ఉష్ణోగ్రతలు 65, 61, 47, దిగుతూ ఉన్నాయి. మేలో, జూన్ మొదట్లో 63 డిగ్రీలప్పుడు తలసరి వాడకం 0.393 పింట్లు. సెప్టెంబరులో 61 డిగ్రీలప్పుడు 0.327 మాత్రమే. ఎండ దాదాపు అంతే, ధరా ఆదాయమూ దాదాపు అంతే. తేడా ఒక్కటే: మొదటిది ఎండ ఎక్కుతున్న కాలం, రెండోది దిగుతున్న కాలం. జనం కేవలం ఉష్ణోగ్రతకు కాదు, అది ఎటు పోతోందన్నదానికి కూడా స్పందిస్తున్నారు. సమీకరణానికి ఆ సంగతి తెలియదు, శేషాలకు తెలుసు.

గత నాలుగు వారాల ఉష్ణోగ్రతను కూడా సమీకరణంలో చేర్చండి. నేటి ఉష్ణోగ్రత గుణకం 0.00533కు పెరుగుతుంది, గత ఉష్ణోగ్రత గుణకం −0.00220, దాని స్టాండర్డ్ ఎర్రర్ 0.00073. R² 0.72 నుంచి 0.83కు చేరుతుంది. ఆ మూడు శేషాలూ సుమారు −0.044, −0.049, −0.020కి తగ్గుతాయి. d విలువ 1.58. మిగిలిన 29 వరుసలకు, నాలుగు చరాలకు హద్దులు 1.12, 1.74 కాబట్టి ఇది తీర్పు లేని మధ్య భాగంలో పడుతుంది. అంటే అంతా నయమైందని చెప్పలేం, కానీ ముందున్న గట్టి సాక్ష్యం లేదు. ఆదాయం t విలువ తిరిగి 2.7కు వస్తుంది. కోక్రేన్–ఆర్కట్ ఆదాయ ప్రభావాన్ని అనుమానంలో పడేసింది. సమీకరణాన్ని సరిచేశాక ఆ అనుమానం చాలావరకు తీరిపోయింది. ఒకే పట్టిక, ఒకే లక్షణం, రెండు చికిత్సలు, రెండు వేర్వేరు నిర్ణయాలు. ఏ దారి ఎంచుకున్నామన్నది లాంఛనం కాదనడానికి ఇంతకన్నా ఆధారం అక్కర్లేదు.

ρ ఒకటికి దగ్గరైతే ఈ చర్చ వేరే మలుపు తిరుగుతుంది. ఉడ్నీ యూల్ 1926లోనే ఒక హెచ్చరిక చేశాడు. 1866 నుంచి 1911 దాకా ఇంగ్లండ్, వేల్స్‌లో మరణాల రేటుకూ, మొత్తం పెళ్లిళ్లలో ఆంగ్లికన్ చర్చిలో జరిగిన వాటి వాటాకూ సహసంబంధం 0.95 అని లెక్కగట్టి, ఇది ఉత్త అర్థంలేని సంబంధమని చూపాడు. రెండూ దశాబ్దాలపాటు ఒకే దిక్కుగా జారుతూ వచ్చిన శ్రేణులు, అంతే. గ్రేంజర్, న్యూబోల్డ్ 1974లో ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేని యాదృచ్ఛిక నడకలను కంప్యూటర్‌లో పుట్టించి రిగ్రెస్ చేస్తే, చాలాసార్లు ఘనమైన t విలువలు వచ్చాయి. వాళ్లిచ్చిన గుర్తు తేలికైనది: R² విలువ d కన్నా పెద్దదైతే ఆ సమీకరణాన్ని నమ్మొద్దు. ఇక్కడ న్యూయీ–వెస్ట్ కూడా కాపాడదు, ఎందుకంటే దోషమే ఒక సగటు చుట్టూ నిలవదు. ముందు తేడాలు తీసుకుని రిగ్రెస్ చేయాలి, లేదా ఆ రెండు శ్రేణులు దీర్ఘకాలంలో నిజంగా కలిసి నడుస్తున్నాయా అని ఎంగిల్, గ్రేంజర్ 1987లో చూపిన పద్ధతిలో పరీక్షించాలి. ఐస్‌క్రీమ్ పట్టికలో R² 0.72, d 1.02 కాబట్టి అక్కడ ఈ భయం లేదు.

ఇన్ని దశాబ్దాల సాహిత్యం చదివాక నాకు తోచిన తీర్పు ఇది. హెండ్రీ వర్గం వాదన చాలావరకు సరైనదే, కానీ మైజాన్ చెప్పిన ‘వద్దు’ మరీ విస్తృతం. శేషాల్లో ఆటోకోరిలేషన్ కనిపిస్తే మొదటి అనుమానం సమీకరణం మీదే పడాలి: జారిపోయిన చరం, చేర్చని గతం, వంపు ఉన్నచోట గీసిన సరళరేఖ, రుతువుల ఊసు మరిచిపోవడం. వాటిని వెతికాక, సిద్ధాంతం బలపరిచే సమీకరణమే చేతిలో ఉండి ఇంకా ఆటోకోరిలేషన్ మిగిలితే, శ్రేణి పెద్దదైనప్పుడు న్యూయీ–వెస్ట్, చిన్నదై చరాలు నిజంగా బయటివైనప్పుడు ప్రైస్–విన్‌స్టెన్ వాడడం సబబే. ఆ క్రమాన్ని తలకిందులు చేయడమే తప్పు.

మన విశ్వవిద్యాలయాల్లో కాలశ్రేణులతో పరిశోధన చేస్తున్నవారికీ, వారి వ్యాసాలు పరిశీలించేవారికీ ఒక విన్నపం. d విలువ ఒక్కటి పట్టిక అడుగున రాసి ముగించకండి. శేషాలను కాలక్రమంలో గీసిన గ్రాఫును, బ్రూష్–గాడ్‌ఫ్రీ ఫలితాన్ని, సవరణకు ముందూ తర్వాతా వచ్చిన గుణకాలను పక్కపక్కన అచ్చువేయండి. ఆ రెండు గుణకాల జాబితాలు ఒకదానితో ఒకటి పొసగకపోతే ఎందుకో వ్యాసంలోనే రాయండి.